మూడు గ్లాసుల లెక్క: డ్రిప్పు మూసుకుపోవడం మీద నాలుగు నిమిషాల వీడియో స్క్రిప్టు

పలమనేరు వైపు ఎర్రనేలలో అరెకరా టమోటా. సాళ్ళ మధ్య అయిదడుగులు. 16 ఎం.ఎం. ఇన్‌లైన్ పైపు, 60 సెంటీమీటర్లకో డ్రిప్పరు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. గేటు వాల్వు దగ్గరి సాళ్ళు పచ్చగా ఉన్నాయి, చివర నాలుగు సాళ్ళు మధ్యాహ్నానికే వాలిపోతున్నాయి. ఈ ఒక్క సమస్య మీద రైతుల కోసం తీసిన చిన్న వీడియో స్క్రిప్టు ఎలా తయారైందో, అందులో ఏ మాట ఎందుకు ఉందో ఇక్కడ చూద్దాం.

మొదటి ముసాయిదా ఏడు నిమిషాలు వచ్చింది. సబ్సిడీకి దరఖాస్తు, ఫిల్టరు రకాలు, పైపు సైజులు, ఎరువు వదలడం, యాసిడ్ శుద్ధి అన్నీ అందులో ఉన్నాయి. చాలావరకు తీసేయాల్సి వచ్చింది. డ్రిప్పు వేసి మూడు నాలుగేళ్ళయిన రైతుకు ఫిల్టరు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అతను వీడియో తెరిచేది ఒకటే ప్రశ్నతో: చివరి సాలుకు నీళ్ళు ఎందుకు రావట్లేదు? దానికి జవాబు రెండు రకాలుగా ఉంటుంది. ఒత్తిడి తగ్గి అయినా ఉండాలి, డ్రిప్పర్లు మూసుకుపోయి అయినా ఉండాలి. రెండింటికీ వైద్యం వేరు. ఒత్తిడి తక్కువైన చోట యాసిడ్ పోస్తే డబ్బు దండగ. డ్రిప్పర్లలో సున్నం పేరుకున్న చోట ఫిల్టరు ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు. అందుకే ఏది ఏదో రైతు తన మడిలోనే తేల్చుకునే పరీక్షను వీడియోకు నడుముగా పెట్టుకున్నాం.

పరీక్ష చాలా సులువు. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పరు మూడు నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పక్కపక్కనే ఉన్న మూడు డ్రిప్పర్ల కింద మూడు గ్లాసులు పెట్టాలి. మూడింటిలోనూ నీళ్ళు సమానంగా తక్కువగా వస్తే లోపం ఒత్తిడిది: ఎక్కడో పైపు చిట్లి ఉంటుంది, ఫిల్టరు నిండి ఉంటుంది, లేదా బోరు ఇచ్చే నీళ్ళకు మించి వాల్వులు తెరిచి ఉంటారు. ఒక గ్లాసు దాదాపు నిండి, పక్కది సగం కూడా లేకపోతే డ్రిప్పర్లు మూసుకుపోయినట్టే. రెండడుగుల దూరంలో ఒత్తిడి అంతగా మారదు కదా.

కొలతకు మొదట తట్టింది క్వార్టర్ సీసా. ప్రతి గెనిమ మీదా దొరుకుతుంది, అందులో 180 మిల్లీలీటర్లు పడతాయని అందరికీ తెలుసు. కానీ ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలతో కలిసి చూసే వీడియోలో అది నవ్వులాటకే మిగులుతుంది, కొలత ఎవరికీ గుర్తుండదు. అందుకే మామూలు గాజు గ్లాసు తీసుకుని, 200 మిల్లీలీటర్లు కొలిచి పోసి, ఆ మట్టానికి ఎర్ర టేపు చుట్టాం. కెమెరాకు గాజే కావాలి. స్టీలు గ్లాసులో మట్టం కనబడదు.

ఇక స్క్రిప్టు. ఇద్దరే మనుషులు. అక్క మడి యజమాని, తమ్ముడు పక్క మడి రైతు. ఉపన్యాసం చెప్పే గొంతు లేదు. ఆఫీసరు వేషం కూడా వద్దనుకున్నాం, చొక్కా ఇస్త్రీ చూడగానే రైతు వీడియో దాటవేస్తాడు.

దృశ్యం 1. 25 సెకన్లు. ఎర్రమట్టి సాలు, వాలిన టమోటా మొక్క దగ్గరగా. కెమెరా మెల్లగా వెనక్కి వస్తే, దూరంగా వాల్వు దగ్గర పచ్చగా నిలబడిన మొక్కలు కూడా అదే ఫ్రేములోకి రావాలి. రెండూ ఒకే చూపులో కనబడకపోతే ఈ దృశ్యం పనికిరాదు.

అక్క: "మోటరు రెండు గంటలు ఆడింది. ఆడ చూస్తే నీళ్ళు నిలిచుండాయి. ఈడ మాత్రం నేల తడవనే లేదు. ఈ కొసన నాలుగు సాళ్ళు నాకు చేతికి వచ్చేటట్టు లేదు తమ్ముడూ."

తమ్ముడు: "పిన్నీసుతో పొడిచినావా అక్కా?"

అక్క: "పొడిచినా. పొడిచిన కాడ బుడబుడా వస్తా ఉండాది. పక్కది ఇంకా తగ్గిపాయ."

పిన్నీసు మాట మొదటి అరనిమిషంలోనే రావాలని పట్టుబట్టాం. ఎక్కువమంది ముందు చేసే పని అదే. డ్రిప్పరు లోపల నీళ్ళు వంకరటింకర సందు గుండా పోయి, వేగం తగ్గి, చుక్కగా పడతాయి. పిన్నీసు ఆ సందు గోడను చీల్చేస్తుంది. ఇక అది డ్రిప్పరు కాదు, పైపుకు పడిన చిల్లు. అలాంటివి సాలుకు పది ఉంటే చివరికి ఒత్తిడే మిగలదు. అప్పుడు మూసుకుపోవడమూ, ఒత్తిడి తగ్గడమూ రెండు జబ్బులూ కలిసి, మూడు గ్లాసుల పరీక్షే తప్పు చెబుతుంది. అందుకే పొడిచిన సాలు వదిలి పక్క సాలులో కొలవాలనే మాట తర్వాతి దృశ్యంలో తమ్ముడి నోట పెట్టాం.

దృశ్యం 2. 60 సెకన్లు. ఇది వీడియోకు ప్రాణం. తమ్ముడు మూడు డ్రిప్పర్ల కింద చిన్న గుంతలు తీసి గ్లాసులు దించుతాడు. డ్రిప్పరు కన్ను పైకి ఉంటే పైపును తిప్పి కిందికి చేస్తాడు. ఒక్కో డ్రిప్పరుకు రెండు పక్కలా నూలుదారం ముడి వేస్తాడు.

తమ్ముడు: "పొడిచిన సాలు వద్దక్కా, దీంట్లో చూద్దాం. దారం ఎందుకంటావా? దారం లేకుంటే నీళ్ళు పైపు కిందనే జారిపోతాయి, గ్లాసులో పడవు. మోటరు ఏసి పది నిమిషాలైనాక పెట్టల్ల. ఇప్పుడు మూడు నిమిషాలు చూడు."

తర్వాత ఆరు సెకన్లు మాట ఉండదు. చుక్క శబ్దం, పిట్టల శబ్దం మాత్రమే. మూడు గ్లాసుల పక్కన ఫోను, దాని మీద టైము నడుస్తుంటుంది. మధ్యలో కోత పెట్టి నేరుగా మూడో నిమిషానికి పోతాం. టైము కనబడుతుంది కాబట్టి మోసం చేశారని ఎవరూ అనుకోరు.

అంకెలు స్క్రిప్టులో ముందే రాయలేదు, ఖాళీ వదిలాం. చిత్రీకరణ రోజు ఎంత వస్తే అంతే చెప్పాలని నిర్ణయం. ఆ మడిలో చివరి సాలున వచ్చినవి 170, 60, 130. వాల్వు దగ్గరి సాలులో మూడూ 190 పైనే.

తమ్ముడు: "ఒకదాంట్లో నూటడెబ్బై, పక్కదాంట్లో అరవై. ఒకే పైపుగదా, ఇంత తేడా యాల వస్తాది? లోపల అడ్డం పడింది. మూడూ ఒకేలాగ తగ్గుంటే మనం ఫిల్టరు కాడికి పోవల్ల, పైపు యాడన్నా పగిలిందేమో చూడల్ల. ఎర్రగీత కాడికి రావల్ల. అయిదులో ఒక పాలు తగ్గిందనుకో, అంటే నూటరవైకి దిగిందనుకో, కడగల్సిందే."

దృశ్యం 3. 40 సెకన్లు. మూసుకుపోయిన డ్రిప్పరు ఉన్న ముక్కను కోసి, నిలువునా చీలుస్తారు. కెమెరా వీలైనంత దగ్గరికి వెళ్ళాలి. లోపలి సందు పళ్ళ మధ్య తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే పొడి రాలుతుంది. దాని మీద ఒక చుక్క యాసిడ్ వేస్తే బుసబుసమని నురుగు లేస్తుంది. ఆ శబ్దం వినబడాలి. మైకును రెండు అంగుళాల దూరంలో పెట్టి దాన్ని విడిగా రికార్డు చేశాం.

తమ్ముడు: "తెల్లగుండి యాసిడ్ పడితే నురుగొస్తే అది సున్నం. యాసిడ్‌కి కరుగుతాది. జిగటగా పాచి ఉండాదనుకో, ఇసక ఉండాదనుకో, వాటికి యాసిడ్ పని చెయ్యదు."

పాచికి బ్లీచింగ్ వాడతారు, కానీ ఆ సంగతి ఈ వీడియోలో కావాలనే చెప్పలేదు. యాసిడ్, బ్లీచింగ్ రెండు వైద్యాలూ ఒకే వీడియోలో వింటే రెండూ కలిపి పోసేవాళ్ళు తప్పకుండా ఉంటారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అది ఊపిరి తీసేంత ప్రమాదం. ఈ వీడియోలో ఒక్క హెచ్చరిక వాక్యమే ఉంది: "బ్లీచింగ్ పొడి పోసిన డ్రమ్ములో యాసిడ్ పొయ్యొద్దు." పాచి సంగతి వేరే వీడియోకు వదిలాం.

దృశ్యం 4. 35 సెకన్లు. యాసిడ్ కంటే ముందు కడగడం. కడిగే వరస తప్పితే మురికి ముందుకే పోతుంది. ముందు ఫిల్టరు జాలీ, ఆ తర్వాత సాళ్ళకు నీళ్ళు పంచే సబ్‌మెయిన్ చివర ఫ్లష్ వాల్వు, ఆఖరున సాళ్ళ కొసలు. సాళ్ళన్నీ ఒకేసారి విప్పితే నీళ్ళకు ఊపు ఉండదు, మట్టి కదలదు. నాలుగైదు మాత్రమే విప్పాలి. ఎండ్ క్యాప్ లాగగానే ముందు ఎర్రనీళ్ళు, తర్వాత తెల్ల పెచ్చులు, ఆ తర్వాత తేట నీళ్ళు రావడం ఒకే షాటులో, కోత లేకుండా తీశాం.

తమ్ముడు: "నాలుగు సాళ్ళు విప్పు, తేటనీళ్ళు వచ్చేదాంక ఉండు, మూసెయ్. మళ్ళీ నాలుగు. అన్నీ ఒక్కసారి విప్పితే నీళ్ళకు దమ్ముండదు."

దృశ్యం 5. 65 సెకన్లు. యాసిడ్. ఎక్కువసార్లు తిరగరాసిన భాగం ఇదే, పొరపాటు జరిగితే చెయ్యి కాలేదీ ఇక్కడే.

మొదటి ముసాయిదాలో "అరెకరాకు ఇన్ని లీటర్లు" అని ఉంది. దాన్ని తీసేశాం. యాసిడ్ ఎంత పట్టేదీ పొలం విస్తీర్ణాన్ని బట్టి కాదు, నీళ్ళలో సున్నం ఎంతుందో దాన్ని బట్టి, డబ్బాలోని యాసిడ్ గాఢతను బట్టి. బాత్రూమ్ కడిగే పలచటి యాసిడ్, 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒకటి కావు. కాబట్టి బకెట్టు పరీక్ష పెట్టాం. 20 లీటర్ల బోరు నీళ్ళలో, పొలంలో వాడబోయే డబ్బాలోని యాసిడ్‌నే కొద్దికొద్దిగా పోస్తూ, కర్రతో కలుపుతూ, పీహెచ్ కాగితం ముంచి చూడాలి. కాగితం రంగు అట్ట మీద 4 అని ఉన్న గడికి సరిపోయినప్పుడు ఆపాలి.

ఆ మడి లెక్క ఇలా వచ్చింది. 20 లీటర్లకు 15 మిల్లీలీటర్ల యాసిడ్ పట్టింది. అరెకరాలో 2,250 డ్రిప్పర్లు, అంటే గంటకు 9,000 లీటర్లు. యాసిడ్ నీళ్ళు చివరి డ్రిప్పరుకు చేరడానికి పది నిమిషాలు, అక్కడ నిలకడగా ఉండాల్సింది పదిహేను నిమిషాలు, మొత్తం ఇరవై అయిదు. ఆ సమయంలో పారే నీళ్ళు 3,750 లీటర్లు. దానికి పట్టే యాసిడ్ సుమారు 2.8 లీటర్లు. డ్రమ్ములోని యాసిడ్ నీళ్ళను పైపులోకి లాగే వెంచురీ ఇరవై అయిదు నిమిషాల్లో ఎంత లాగుతుందో ముందే ఉత్త నీళ్ళతో కొలిస్తే 50 లీటర్లు తేలింది. కాబట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో 47 లీటర్ల నీళ్ళు పోసి, వాటిలో యాసిడ్ కలిపారు.

ఈ లెక్క వీడియోలో లేదు. నమూనా చూపినప్పుడు జనం దారి తప్పింది సరిగ్గా ఇక్కడే. గుణకారం మొదలవగానే చూపులు పక్కకు పోయాయి, కొందరు మాత్రం "2.8" ఒక్కటే గుర్తుపెట్టుకుని తమ మడికీ అదే అనుకున్నారు. చివరికి వీడియోలో బకెట్టు పరీక్ష మాత్రమే ఉంచి, డ్రమ్ము లెక్కకు మనిషిని చూపించాం:

తమ్ముడు: "బకెట్టుకు ఎంత పట్టిందో కాగితం మీద రాసుకో. డ్రిప్పు కంపెనీ అబ్బాయికో, రైతు సేవా కేంద్రంలో ఉద్యానవన సహాయకుడికో చూపించి డ్రమ్ము లెక్క ఏపించుకో. పక్కింటోళ్ళ లెక్క నీకు పనికిరాదు, వాళ్ళ బోరు వేరే, నీ బోరు వేరే."

కలిపే షాటులో ఒక్క విషయం తప్పకూడదు. డ్రమ్ములో ముందే నీళ్ళు ఉండాలి, వాటిలోకి యాసిడ్ సన్నగా జారాలి. తిరగేసి యాసిడ్‌లో నీళ్ళు పోస్తే వేడెక్కి మొహం మీదికి చిందుతుంది. మాటల్లో ఎంత చెప్పినా చూసినదే గుర్తుంటుంది కనుక తప్పు పద్ధతిని అసలు చూపలేదు. "ఇలా చేయకూడదు" అని చూపిన షాటును శబ్దం ఆపేసి చూసేవాళ్ళు అలాగే చేస్తారు. తమ్ముడికి మోచేతి దాకా రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడతాడు.

తమ్ముడు: "ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్. ఇది మర్చిపోవద్దు. ఇనుప డ్రమ్ము వద్దు. వెంచురీ లాగేటప్పుడు కొసకు పోయి కాగితం పెట్టి చూడు. నాలుగు చూపిచ్చినాక పదైదు నిమిషాలు. తర్వాత మోటరు ఆపెయ్. పైపుల్లో అట్లే ఉండనీ, రేపు కడుగు."

కొస దగ్గర కాగితం చూడమనడానికి కారణం ఉంది. దారిలో పేరుకున్న సున్నం కూడా యాసిడ్‌ను తాగుతుంది. వెంచురీ దగ్గర సరిపోయిన నీళ్ళు చివరికి చేరేసరికి 6 చూపవచ్చు. అప్పుడు లెక్క ప్రకారం టైమైందని ఆపితే, అసలు జబ్బున్న నాలుగు సాళ్ళకే మందు అందదు. ఇసుక ఫిల్టరు ఇనుపదైతే యాసిడ్ ఎక్కించే చోటు దాని తర్వాత ఉండాలి. ఈ మడిలో వెంచురీ అలాగే ఉంది కాబట్టి వీడియోలో దాని ప్రస్తావన రాలేదు.

ఎప్పుడు చేయాలన్నదీ ఒక వాక్యంలో ఉంది: "ఆఖరి కోత అయినాక, పైపులు చుట్టే ముందర." పైరు నిలబడి ఉండగా చేయరని కాదు, జాగ్రత్తగా చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ వీడియో చూసి మొదటిసారి చేసేవాళ్ళకు పైరు లేని మడే మంచిది. సున్నం పట్టిన పైపును అలాగే చుట్టి షెడ్డులో పడేస్తే పెచ్చు ఎండి గట్టిపడుతుంది. వచ్చే పంటకు యాసిడ్ కూడా ఒక్కసారితో సరిపోదు.

దృశ్యం 6. 15 సెకన్లు. మర్నాడు కడిగాక, అదే సాలు, అవే మూడు గ్లాసులు, మూడు నిమిషాలు. వచ్చినవి 190, 155, 185. మధ్యది ఇంకా 160 కిందే ఉంది. దాన్ని దాచలేదు.

అక్క: "ఇది ఇంకా తక్కువే ఉండాదే?"

తమ్ముడు: "అరవై నుంచి నూటయాభై అయిదుకొచ్చింది గదక్కా. ఇంగోసారి చేస్తే ఇంకొంచెం. అప్పటికీ రాకుంటే ఆ డ్రిప్పరు ముక్క కోసేసి జాయినరు పెట్టి కొత్తముక్క ఏసుకో."

మూడూ 200 చూపించి ముగించమని సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. తన మడిలో 155 వచ్చిన రైతు అప్పుడు వీడియోనే అబద్ధమనుకుంటాడు.

చిత్రీకరణ విషయాలు కొన్ని. మల్చింగ్ షీటు పరిచిన మడి ఈ వీడియోకు కుదరదు. పైపు షీటు కింద ఉంటుంది, పైన వెండి రంగు ఎండకు కెమెరా కళ్ళు చెదరగొడుతుంది. షీటు లేని ఎర్రనేల మీద నల్లపైపు బాగా తేలుతుంది. నీటిచుక్కకు ఏటవాలు వెలుగు కావాలి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు ముగించాలి. కరెంటు ఎప్పుడు ఇస్తారో లైన్‌మన్‌ను ముందే అడగాలి, లేదంటే మూడు గ్లాసులూ పెట్టాక మోటరు ఆగుతుంది, పది నిమిషాల నిరీక్షణ మళ్ళీ మొదలు. మాటలు మోటరు దూరంగా ఉన్న కొసనే రికార్డు చేశాం. అదృష్టవశాత్తు కథ కూడా ఆ కొసదే.

భాష గురించి ఒక నిర్ణయం. "ఉద్గారకం", "పార్శ్వ నాళం" లాంటి అచ్చు పుస్తకం మాటలు ఒక్కటీ లేవు. డ్రిప్పరు, పైపు, సాలు, కొస, అంతే. యాసను మరీ ముద్దగా చేయలేదు. పలమనేరు వాళ్ళకు సొంతంగా ఉండాలి, శ్రీకాళహస్తి వైపు వాళ్ళకు అర్థం కావాలి. కొలతలు మాత్రం మాటలోనూ, తెర మీద పెద్ద అంకెల్లోనూ రెండుసార్లూ వస్తాయి. గాలి చప్పుడులో "నూటరవై", "నూటయాభై" ఒకేలా వినబడే ప్రమాదం ఉంది.

ఇదే స్క్రిప్టును బంగినపల్లి, బెంగుళూరా మామిడి తోటలకు వాడాలంటే రెండో, మూడో దృశ్యాలు మార్చాలి. అక్కడ ఎక్కువగా పైపు పైన గుచ్చిన ఆన్‌లైన్ డ్రిప్పర్లు, గంటకు 8 లీటర్లవి. 200 మిల్లీలీటర్లకు ఒకటిన్నర నిమిషమే పడుతుంది. చెట్టు చుట్టూ ఉన్న డ్రిప్పర్లను ఒకదానితో ఒకటి పోల్చాలి. వాటిలో మూత విప్పే రకమైతే పైపు కోయాల్సిన పనే లేదు. మూత తీసి బకెట్టులోని యాసిడ్ నీళ్ళలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, మంచి నీళ్ళతో కడిగి, మళ్ళీ బిగించవచ్చు.